రాళ్ళ నడుమ కన్య మరియ: వెలుగునీడలు, పొగమసక

మీ ఎదుట ఉన్నది లియొనార్డో డా విన్చి పోప్లర్ చెక్కపై తైలవర్ణాలతో వేసిన ‘రాళ్ళ నడుమ కన్య మరియ’. మిలాన్‌లోని ఒక భక్తసమాజం తమ ప్రార్థనామందిరం కోసం 1483లో వేయించదలచిన చిత్రానికి ఇది రెండవ రూపం. మొదటిది పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. దీనిని 1880 నుంచి లండన్ నేషనల్ గ్యాలరీ భద్రపరుస్తోంది.

ముందుగా నాలుగడుగులు వెనక్కి జరిగి, మీవైపు చాచినట్టున్న మరియ ఎడమచేతిని చూడండి. వేళ్ళపై వెలుగు పడుతోంది, అరచేయి నీడలో ఉంది. ఆ తేడా వల్లనే చదునైన చెక్కలోంచి చేయి బయటికి వచ్చినట్టు కనిపిస్తుంది. దీని పేరు కియారోస్కూరో. ఇటాలియన్‌లో కియారో అంటే వెలుగు, స్కూరో అంటే చీకటి. ఎడమ పైభాగం నుంచి దిగే వెలుగు ఇద్దరు పసివాళ్ళ బుగ్గలకూ బొజ్జలకూ గుండ్రదనాన్ని ఇస్తుండగా, వెనకనున్న గుహ చీకటి వారిని ముందుకు నెడుతోంది.

ఇప్పుడు తాడు దాటకుండా వీలైనంత దగ్గరికి వచ్చి, కుడివైపున ఉన్న దేవదూత ముఖం చూడండి. చెంప ఎక్కడ ముగిసిందో, మెడపై నీడ ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపగలరా? పెదవి మూల, కంటి మూల కూడా అంతే. గీత అనేదే లేదు. ఇది స్ఫుమాతో. పొగను సూచించే ఫూమో అన్న మాట ఇందులో ఉంది. వెలుగూ నీడా గీతలు లేకుండా పొగవలె కలిసిపోవాలని లియొనార్డో స్వయంగా రాసుకున్నాడు. గుడ్డుసొనతో కలిపిన రంగు చప్పున ఆరిపోతుంది కనుక, అందులో నీడను సన్నగీతలు పక్కపక్కనే గీసి తేవలసి వచ్చేది. నూనెరంగు నిదానంగా ఆరుతుంది కనుక, పలుచని పారదర్శక పొరలను ఒకదానిపై ఒకటి పరచి అంచును కరిగించడం సాధ్యమైంది. ఎడమవైపు రాళ్ళ సందులో దూరమయ్యేకొద్దీ నీలిమలోకి జారిపోయే కొండలలోనూ ఆ మసకే ఉంది.

చూసేవారు తరచుగా ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. నా దృష్టిలో తేడా చాలా సులువు: కియారోస్కూరో వెలుగుకూ చీకటికీ మధ్య ఉన్న దూరం గురించి చెబుతుంది, స్ఫుమాతో ఒకదాని నుంచి మరొకదానికి చేరే దారి ఎంత మెత్తనిదో చెబుతుంది. అందుకే ఒకటి లేకుండా మరొకటి ఉండగలదు. ఇదే గ్యాలరీలో కరవాజ్జో 1601లో వేసిన ‘ఎమ్మాయులో భోజనం’ ఉంది. అందులో వెలుగునీడల ఎడం ఇక్కడికన్నా తీవ్రంగా ఉంటుంది గానీ, చాచిన చేతులూ బల్లమీది పండ్లబుట్టా కత్తితో కోసినంత స్పష్టమైన అంచులతో నిలుస్తాయి. దేవదూత చెంపను కళ్ళలో ఉంచుకునే అక్కడికి వెళ్ళి, ఆ బుట్ట అంచును చూడండి.