సాంకేతిక అనువాదకుడిని కావడానికి నా ఆరు నెలల ప్రణాళిక

తిరుపతిలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన నేను, ప్రతి ఉదయం రెండు గంటలు కేటాయించి పంపులు, కంప్రెసర్ల నిర్వహణ పుస్తకాలను రోజుకొక పేజీ ఇంగ్లీషు నుండి తెలుగులోకి అనువదిస్తాను. టాలరెన్స్, క్లియరెన్స్ వంటి మాటలకు నిఘంటువులోని సమాసాలను వాడేముందు, రేణిగుంట వైపు లేతు షాపుల్లో పనివారు ఏమంటారో విని పదకోశంలో రాసుకుంటాను. ఆ పుస్తకం చదివి స్పానరు పట్టవలసినది వారే కనుక దీనికే ఎక్కువ సమయం వెచ్చిస్తాను.

మూడో నెల నుండి OmegaT అనే అనువాద సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, పాత అనువాదాలను మళ్లీ వాడుకునేలా TMX ఫైలుగా భద్రపరుస్తాను. హెచ్చరికలను, అంకెలను, కొలమానాలను మరునాడు మూలంతో విడిగా సరిచూస్తాను, ఎందుకంటే బిగింపు టార్క్ 25 N·m ఉండవలసిన చోట 52 పడితే బోల్టు తెగిపోవచ్చు. ఆదివారాలు తెలుగు వాక్యరచనకు.

ఆరో నెలలో ఇరవై పేజీల నమూనాను ఒక మెకానిక్కుకూ, ఒక తెలుగు ఉపాధ్యాయురాలికీ చూపి, వారి దిద్దుబాట్ల తరువాతే అనువాద సంస్థలకు పంపుతాను.