కోడి మేతలో 17 శాతం ప్రోటీన్: నిష్పత్తి షరతును లీనియర్ అసమానతగా మార్చడం

గుడ్లు పెట్టే లేయర్ కోళ్ల ఫారం ఉండి సొంతంగా మేత ఆడించుకునేవాళ్ల దగ్గరా, ఆపరేషన్స్ రీసెర్చ్ పేపరు చదివే పిల్లల దగ్గరా నేను చూసిన ఇబ్బంది ఒక్కటే. "మిశ్రమంలో ప్రోటీన్ కనీసం 17 శాతం ఉండాలి" అన్న వాక్యం అందరికీ అర్థమవుతుంది, దాన్ని లీనియర్ ప్రోగ్రామింగ్, అంటే షరతులన్నీ తీరుస్తూ ఖర్చు వీలైనంత తగ్గించే లెక్కలో, ఒక షరతుగా రాయమంటే మాత్రం పెన్ను ఆగిపోతుంది. ఆగకూడదని ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా లెక్క వేసి రాస్తున్నా, మీరు కూడా కాలిక్యులేటర్ పట్టుకుని సరిచూసుకోండి.

సరుకులు నాలుగే తీసుకుందాం: మొక్కజొన్న (m), సోయా చెక్క (s), నూనె తీసిన తవుడు (b), కాల్షియం కోసం వేసే రాతి ముక్కలైన గ్రిట్ (g). అన్నీ కిలోల్లో. ప్రీమిక్స్, ఉప్పు, డీసీపీ లాంటివి కొద్ది మోతాదులో పడేవి కాబట్టి పక్కన పెట్టా. ధరలు కిలోకి వరసగా 24, 44, 16, 4 రూపాయలు అనుకుందాం, మీ ఊళ్లో ఈ వారం రేటు వేరే ఉంటే అది వేసుకోండి. ప్రోటీన్ మొక్కజొన్నలో 9 శాతం, సోయాలో 46, తవుడులో 15, గ్రిట్‌లో సున్నా. శక్తి కిలోకి మొక్కజొన్నలో 3350 కిలోక్యాలరీలు, సోయాలో 2250, తవుడులో 1900, గ్రిట్‌లో ఏమీ లేదు. కాల్షియం గ్రిట్‌లో 35 శాతం, మిగతావాటిలో చాలా తక్కువ కాబట్టి లెక్క తేలిగ్గా ఉండటానికి సున్నా అనుకున్నా.

ఇప్పుడు ప్రోటీన్ షరతు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇలా వస్తుంది:

```
(0.09 m + 0.46 s + 0.15 b) / (m + s + b + g) >= 0.17
```

ఇది లీనియర్ కాదు, ఎందుకంటే హారంలో కూడా మనకి తెలియని m, s, b, g ఉన్నాయి. ఎక్సెల్ సాల్వర్‌లో మొత్తం బరువుని ముందే కట్టకుండా, ఒక గడిలో ఈ భాగహారం రాసి, ఆ గడి 0.17 కంటే ఎక్కువ ఉండాలని షరతు పెట్టి, సింప్లెక్స్ ఎల్‌పీ పద్ధతి ఎంచుకుంటే `The linearity conditions required by this LP Solver are not satisfied.` అని వచ్చేది ఇందుకే. చాలామంది అక్కడ టెన్షన్ పడి నాన్‌లీనియర్ పద్ధతికి మారిపోతారు. అక్కర్లేదు. హారం మొత్తం మేత బరువు, అది ఎప్పుడూ సున్నా కంటే ఎక్కువే, కాబట్టి రెండు వైపులా దాంతో గుణిస్తే అసమానత గుర్తు తిరగబడదు. గుణించి, కుడివైపున్నదంతా ఎడమకి తెచ్చేయండి:

```
-0.08 m + 0.29 s - 0.02 b - 0.17 g >= 0
```

ఇప్పుడు పూర్తిగా లీనియర్. ఇక్కడ వదిలేసింది గానీ, సుమారుగా తీసుకున్నది గానీ ఏదీ లేదు, అదే షరతుని వేరే ఆకారంలో రాశాం అంతే. ఈ ఆకారాన్ని కాసేపు చూడండి, నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చేది ఇదే. ప్రతి సరుకు ముందున్న అంకె, ఆ సరుకు ప్రోటీన్‌లోంచి మనకి కావలసిన 17 తీసేస్తే మిగిలింది. మొక్కజొన్న ఒక్కో కిలోకి 8 పాయింట్లు అప్పు పెడుతుంది, సోయా 29 జమ వేస్తుంది, తవుడు 2 అప్పు, గ్రిట్ ఏకంగా 17 అప్పు. అప్పులన్నీ జమతో తీరాలి, షరతు చెప్పేది అంతే.

పియర్సన్ చదరం వేసి మేత కలిపేవాళ్లకి ఈ 8, 29 కొత్త అంకెలు కావు. మధ్యలో 17 రాసి, ఎడమవైపు 9, 46 రాసి, అడ్డంగా తీసివేస్తే మొక్కజొన్న 29 భాగాలు, సోయా 8 భాగాలు వస్తాయి కదా, ఆ చదరం మన అసమానతే, రెండే సరుకులు ఉండి షరతు సరిగ్గా సమానంగా తీరినప్పుడు. సరుకులు మూడు నాలుగై, షరతులు కూడా రెండు మూడు అయినప్పుడు చదరం చాలదు, అసమానత మాత్రం అలాగే పనిచేస్తుంది.

మిగతా షరతులకీ ఇదే పని. శక్తి కిలోకి కనీసం 2550 కావాలంటే ఒక్కో సరుకు శక్తిలోంచి 2550 తీసేయండి: 800, −300, −650, −2550. కాల్షియం కనీసం 3.5 శాతం అంటే గ్రిట్‌కి 0.315, మిగతా మూడింటికీ −0.035. తవుడు మొత్తంలో 15 శాతం మించకూడదు అన్నది కూడా నిష్పత్తే, దానికి తవుడు ముందు 0.85, మిగతావాటి ముందు −0.15 పెట్టి, సున్నా కంటే తక్కువ లేదా సమానం అనాలి.

రెండు పోషకాల మధ్య నిష్పత్తి అడిగినా దారి ఇదే. ఉదాహరణకి ఉన్న ప్రోటీన్‌లో కనీసం 4.8 శాతం లైసిన్ అనే అమైనో ఆమ్లం అయి ఉండాలనుకుందాం. లైసిన్ మొక్కజొన్నలో 0.25 శాతం, సోయాలో 2.8, తవుడులో 0.6 అని తీసుకుంటే, ఈసారి హారం మొత్తం బరువు కాదు, మొత్తం ప్రోటీన్. దాంతో గుణించి ఎడమకి తెస్తే సోయాకి 0.028 − 0.048 × 0.46, అంటే 0.00592. మొక్కజొన్నకి −0.00182, తవుడుకి −0.0012. గ్రిట్‌లో లైసినూ లేదు, ప్రోటీనూ లేదు, కాబట్టి ఈ వరసలో దానికి చోటే లేదు. ఇక్కడ పొరపాటున 0.028 లోంచి నేరుగా 0.048 తీసేసేవాళ్లు ఉంటారు, హారం ఏదో చూసుకోకపోతే వచ్చే తప్పు అది.

ఇక అసలు జాగ్రత్త. కనీసం, కనీసం అని కింది హద్దులు మాత్రమే రాసి వదిలేస్తే కంప్యూటర్ మీరు చెప్పినదాన్ని అక్షరాలా పాటిస్తుంది. పై లెక్కలో శక్తి షరతు, లైసిన్ షరతు తీసేసి, కాల్షియానికి పై హద్దు లేకుండా, ప్రోటీన్ కనీసం 17, కాల్షియం కనీసం 3.5, తవుడు 15 లోపు అని మాత్రమే అడిగితే టన్నుకి వచ్చే జవాబు: తవుడు 150 కిలోలు, సోయా సుమారు 321, గ్రిట్ 529, మొక్కజొన్న సున్నా. కిలో 18.63 రూపాయలు. అడిగిన షరతులన్నీ తీరాయి, ప్రోటీన్ సరిగ్గా 17 శాతం, కానీ సంచిలో సగం పైన రాయి. నాలుగు రూపాయల గ్రిట్ అన్నిటికంటే చవక కాబట్టి ఖాళీ ఉన్నచోటల్లా దాన్నే నింపింది. అందుకే శక్తి షరతు తప్పనిసరి, కాల్షియానికి పై హద్దు కూడా పెట్టాలి, నేను 4 శాతం పెడుతున్నా.

అన్నీ కలిపి టన్నుకి రాస్తే ఇలా ఉంటుంది, ఎల్‌పీ ఫైలు చదివే ఏ సాల్వర్‌లోనైనా వేసుకోవచ్చు:

```
Minimize
 cost: 24 m + 44 s + 16 b + 4 g
Subject To
 total: m + s + b + g = 1000
 prot: -0.08 m + 0.29 s - 0.02 b - 0.17 g >= 0
 kcal: 800 m - 300 s - 650 b - 2550 g >= 0
 calo: -0.035 m - 0.035 s - 0.035 b + 0.315 g >= 0
 cahi: -0.04 m - 0.04 s - 0.04 b + 0.31 g <= 0
 bran: -0.15 m - 0.15 s + 0.85 b - 0.15 g <= 0
 lys: -0.00182 m + 0.00592 s - 0.0012 b >= 0
End
```

మొత్తం 1000 అని ముందే కట్టేశాం కదా, అలాంటప్పుడు నేరుగా 0.09 m + 0.46 s + 0.15 b >= 170 అని రాస్తే పోదా అంటే, పోతుంది, రెండూ ఒకటే. కానీ కుడివైపు 170 బదులు 0.17 అని రాసేవాళ్లని చాలామందిని చూశా, అలా రాస్తే టన్ను మేతలో 170 గ్రాముల ప్రోటీన్ అడిగినట్టు. పైగా రేపు మొత్తం బరువు మారితే ప్రతి వరసలో అంకె మార్చాలి, సున్నా కుడివైపు ఉంటే మొత్తం బరువు వరస తప్ప ఇంకేదీ ముట్టుకోనక్కర్లేదు. దీనికి ఒక మెలిక ఉంది: మొత్తం బరువు వరస లేకుండా వదిలేస్తే అన్నీ సున్నాలు పెట్టినా షరతులు తీరిపోతాయి, ఖర్చూ సున్నాయే, సాల్వర్ అదే జవాబు ఇస్తుంది. ఎంత మేత కావాలో చెప్పే వరస ఒకటి ఉండాల్సిందే.

జవాబు: మొక్కజొన్న 530.46 కిలోలు, సోయా 216.87, తవుడు 150, గ్రిట్ 102.67. ఖర్చు కిలోకి 25.08 రూపాయలు. సరిచూద్దాం. ప్రోటీన్ 47.74 + 99.76 + 22.5, కలిపితే 170. శక్తి సరిగ్గా 2550 దగ్గర ఆగింది. కాల్షియం 3.59 శాతం, రెండు హద్దుల మధ్య ఉంది. లైసిన్ దాదాపు 8.3 కిలోలు, ప్రోటీన్‌లో 4.88 శాతం, అదీ తీరింది. తవుడు తన 15 శాతం హద్దు దగ్గర ఉంది. అంటే ఖర్చుని పట్టి ఉంచుతున్నవి మూడు: ప్రోటీన్, శక్తి, తవుడు హద్దు. మిగతావి ఈ ధరల దగ్గర ఉన్నా లేకపోయినా జవాబు మారదు.

ఈ పట్టు ఎంత గట్టిదో సాల్వర్ నీడ ధర అని ఇస్తుంది, దాన్ని చూడకుండా ఫైలు మూసేయొద్దు. ఇక్కడ ప్రోటీన్ హద్దుని 17 నుంచి 17.1 కి పెంచితే టన్నుకి దాదాపు 66 రూపాయలు పెరుగుతుంది. సోయా ధర మాత్రమే కాదు ఇందులో ఉన్నది, సోయా పెంచినప్పుడు శక్తి తగ్గుతుంది కాబట్టి దాన్ని నిలబెట్టడానికి గ్రిట్ తగ్గాలి, ఆ ఖర్చూ కలిసింది. 17.3 దాటాక గ్రిట్ తన కనీస 100 కిలోలకి చేరిపోతుంది, అక్కడి నుంచి తవుడు తగ్గించాలి, అప్పుడు ఈ 66 అంకె పనికిరాదు, మళ్లీ లెక్క వేయాలి.

ఇది నేను నొక్కి చెప్పడానికి కారణం ఉంది. సాల్వర్ ప్రోటీన్‌ని సరిగ్గా 17.00 దగ్గర ఆపుతుంది, కానీ మీకు వచ్చిన తవుడు లోడులో 15 ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు, అది 13.5 ఉన్నా మేత 17 కంటే కిందకి పోయినట్టే, తగ్గేది గుడ్ల దగ్గర. ల్యాబు పరీక్ష చేయించి ఆ లోడు అంకెనే వేయడం సరైన పని. అది కుదరనప్పుడు హద్దుని 17.3 గా పెట్టుకోండి, టన్నుకి సుమారు 200 రూపాయలు అవుతుంది, అది వృథా అని నేను అనుకోను.

రెండు రకాల మేతలు, లేయర్‌కీ పెరిగే కోడిపిల్లలకీ, ఒకే గోడౌన్ సరుకుతో చేయాలంటే ప్రతి సరుకుకీ రెండు చలరాశులు పెట్టండి, ఏ మేతలోకి ఎంత అని. నాణ్యత షరతులు మేత మేతకీ విడివిడిగా రాసి, గోడౌన్‌లో ఉన్న మొక్కజొన్న దాటకుండా రెండూ కలిపి ఒక్క వరస రాస్తే చాలు. అంతా లీనియర్‌గానే ఉంటుంది.

లీనియర్‌గా ఉండనిది ఒకచోట ఉంది. ముందు కొన్ని సరుకులు ఒక బిన్‌లో కలిపి, ఆ కలిపినదాన్ని మళ్లీ రెండు మేతలకి పంచితే, బిన్‌లోని ప్రోటీన్ శాతం కూడా మనకి తెలియనిదే అవుతుంది, అందులోంచి ఎంత తీస్తామో అదీ తెలియదు, రెండు తెలియనివి గుణించుకుంటాయి. పెట్రోలు శుద్ధి కర్మాగారాల్లో ట్యాంకుల దగ్గర వచ్చేది ఈ చిక్కే. విమాన పెట్రోలు కలపడం మీద చార్న్స్, కూపర్, మెల్లన్ 1952 లో లీనియర్ ప్రోగ్రామింగ్ వాడి చూపించారు, అక్కడ కూడా ప్రతి సరుకు ఏ రకంలోకి ఎంత పోతుందో నేరుగా లెక్కపెట్టగలిగితేనే షరతులు లీనియర్‌గా నిలుస్తాయి. మీ మిల్లులో ముందుగా కలిపే బిన్ ఉంటే, అందులో పడే సరుకుల పాళ్లు ముందే ఖాయం చేసేయండి, అప్పుడు ఆ బిన్ కూడా తెలిసిన ప్రోటీన్ ఉన్న ఐదో సరుకులా పై ఫైల్లో ఒక నిలువు వరసగా కలిసిపోతుంది.