విషయం: మా అమ్మ ఆరోగ్య బీమా క్లెయిమ్‌కు అడిగిన కాగితాలే మళ్లీ అడగడం గురించి

క్లెయిమ్స్ విభాగం మేనేజర్ గారికి,

ఆగస్టు 4న మీరు పంపిన మూడో లేఖ అందింది. డిశ్చార్జ్ సమ్మరీ, ఫైనల్ బిల్లు, క్యాన్సిల్డ్ చెక్కు మళ్లీ పంపమన్నారు. ఒరిజినల్స్ అన్నీ జూన్ 12న తిరుపతి నుంచి స్పీడ్ పోస్టులో పంపాను, 16న మీ ఆఫీసులో ముట్టినట్టు ముద్ర వేసిన రసీదు నా దగ్గరుంది. జూలై 9న నా దగ్గరున్న వాటి కాపీలు స్కాన్ చేసి మెయిల్ చేశాను, మీ అక్నాలెడ్జ్‌మెంట్ కూడా వచ్చింది. ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంటే నేను మళ్లీ ఎక్కడి నుంచి తేవాలి?

ఇందులో మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టేది ఒకటే అనుకుంటున్నాను: 14 పేజీల మందుల బిల్లులో 9వ పేజీ. థర్మల్ కాగితం కదా, అక్షరాలు వెలిసిపోయాయి. ఫార్మసీలో డూప్లికేట్ తీయించి, సీలు వేయించి జత చేశాను. ఆ పేజీ మొత్తం రూ. 2,318.

ఇక ఒక్కో లేఖలో ఒక్కో ప్రశ్న వద్దండి. మిగిలినవన్నీ ఒకే జాబితాగా ఇవ్వండి: ఏ కాగితం, పంపినదాంట్లో లోపమేంటి, ఒరిజినలా కాపీనా. ఇన్‌డోర్ కేస్ షీట్లు కావాలంటే ఇప్పుడే చెప్పండి, ఆసుపత్రి రికార్డుల విభాగం వాటికి వారం తీసుకుంటుంది. ఆగస్టు 20 లోపు జాబితా ఇస్తే, అందిన పది రోజుల్లో అన్నీ ఒకే కవరులో పంపుతాను.

జాబితా రాకపోతే ఈ లేఖనే మీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదుగా పంపి, బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేస్తాను.

ఇట్లు,
పాలసీదారు, తిరుపతి
ఆగస్టు 7, 2025

జత: మందుల బిల్లు 9వ పేజీ డూప్లికేట్, స్పీడ్ పోస్టు రసీదు, జూలై 9 మెయిల్ ప్రింటు