నాన్నగారికి, కళ్ల పరీక్ష గురించి

మెల్‌బోర్న్,
4 జులై 2025

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. ఫోనులో కళ్ల మాట ఎత్తగానే మీరు పిల్లవాడి చదువు మీదికి సంభాషణ మళ్లిస్తున్నారు కాబట్టి, ఈసారి ఉత్తరమే రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

మొన్న ఆదివారం మీరు ఎంతో సంబరంగా, "నా చూపు బాగుపడిందమ్మా, కళ్లజోడు లేకుండానే పేపరు చదువుతున్నాను" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఇరవై ఏళ్లుగా వాడుతున్న చదువుకునే అద్దాలు అరవై తొమ్మిదో ఏట ఉన్నట్టుండి అక్కరలేకుండా పోవడం సాధారణంగా మంచి సూచన కాదు. శుక్లం వల్ల కంట్లోని కటకం మధ్యభాగం గట్టిపడుతున్నప్పుడు అది కాంతిని మరింతగా వంచుతుంది. దానితో దగ్గరి అక్షరాలు కొంతకాలం తేటగా కనబడతాయి, దూరంగా ఉన్నవి మసకబారతాయి. బస్సు ఎదుటికి వచ్చి ఆగేదాకా నంబరు తెలియడం లేదని, రాత్రిపూట ఎదురొచ్చే బండ్ల దీపాలు చెదిరినట్టు కనిపిస్తున్నాయని మీరే అమ్మతో అన్నారట. షుగరు హెచ్చుతగ్గుల వల్ల కూడా చూపులో ఇటువంటి మార్పు రావచ్చు. వీటిలో అసలు కారణమేదో ఇంట్లో కూర్చుని మీరూ తేల్చలేరు, ఇంత దూరం నుంచి నేనూ తేల్చలేను.

శుక్లమే అయితే నాకు అంత దిగులు లేదు, ఎందుకంటే దాన్ని తీసి కొత్త కటకం అమర్చవచ్చు. నన్ను కలవరపెడుతున్నది తాతయ్య జ్ఞాపకం. ఆయన ఆఖరి ఏడేళ్లు గోడ పట్టుకుని నడిచారు. కంట్లో నొప్పి లేదు, ఎరుపు లేదు, ఎదుటి మనిషి ముఖం కనబడుతూనే ఉంది. చూపు అంచుల నుంచి తరిగిపోతున్న సంగతి ఆయనకే తెలియలేదు, నీటికాసులని వైద్యులు చెప్పేసరికి ఒక కన్ను పూర్తిగా పోయింది. ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు, మిగిలినదాన్ని మాత్రమే కాపాడుకోగలం. కన్నతండ్రికి ఉంటే బిడ్డలకు వచ్చే అవకాశం ఎక్కువ. నల్లకుంట మార్కెట్ మలుపులో ఎడమ పక్క నుంచి వచ్చిన స్కూటరు మీకు తగలబోయిందని అమ్మ చెప్పినప్పుడు, మీరు "వాడు హారను కొట్టలేదు" అన్నారు. అదే నిజం కావాలని నేనూ కోరుకుంటున్నాను నాన్నగారూ, కానీ నిర్ధారించుకోకుండా ఊరుకోలేను.

దీనికి తోడు మీకు పన్నెండేళ్లుగా షుగరు ఉంది. షుగరున్నవారు చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి. మీరు ఒక్కసారైనా చూపించుకోలేదు. ఆర్టీసీ డిపోలో ఉన్నన్నాళ్లూ, డ్రైవరు ఫిర్యాదు చేయలేదు కదా అని తనిఖీ గడువు దాటిన బస్సును మీరు ఏనాడైనా రోడ్డు మీదికి పంపారా?

"అద్దాలు అమ్ముకోవడానికే ఈ పరీక్షలన్నీ" అని మీరు అనడానికి కారణం ఉందని ఒప్పుకుంటాను. ఆరేళ్ల కిందట ఒక దుకాణంలో యంత్రం ముందు రెండు నిమిషాలు కూర్చోబెట్టి, అది చూపిన అంకెనే రాసి ఇచ్చిన కళ్లజోడుతో మీకు నెల రోజులు తలనొప్పి వచ్చింది. యంత్రం చూపేది అంచనా మాత్రమే. ఆ తర్వాత ఒక్కొక్క అద్దం మార్చి, ఏది తేటగా ఉందో మిమ్మల్ని అడిగి నిర్ణయించాలి. అది వాళ్లు చేయలేదు. అందుకు విసిగి కోఠిలో ఫుట్‌పాత్ మీద కొన్న జోడులో రెండు కళ్లకూ ఒకే పవరు ఉంటుంది, మీ కుడి కంటి వంపులోని తేడాను సరిచేయడానికి అవసరమైన సిలిండరు పవరు అందులో ఉండదు.

బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాభాపేక్ష లేనిది కనుక అక్కడికే వెళ్లండి. చూపు, కంటి లోపలి ఒత్తిడి కొలిచి, చుక్కల మందు వేసి కంటిపాప పెద్దది చేసి రెటీనా చూస్తారు. తాతయ్య సంగతి, షుగరు సంగతి మీరే ముందుగా చెప్పండి. అవసరమనుకుంటే పక్కచూపు పరీక్ష కూడా చేస్తారు. మందు ప్రభావంతో కొన్ని గంటలు మసకగా ఉంటుంది, వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది, కాబట్టి ఆ రోజు మీరు బండి తీయకూడదు. కొత్త కళ్లజోడు మాత్రం వైద్యులు అన్నీ చూసి, ఇప్పుడు చేయించుకోవచ్చని చెప్పాకే చేయించండి.

ఈ నెల 25, శుక్రవారం, పిన్ని కొడుకు కిరణ్ సెలవు పెట్టి ఉదయం ఎనిమిదింటికి కారు తీసుకుని వస్తాడు. ముందు రోజు అమావాస్య అని అమ్మ చెప్పింది కనుకనే శుక్రవారం అనుకున్నాం. పాత కళ్లజోళ్లు రెండూ, షుగరు రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ సంచిలో పెట్టమని అమ్మతో చెప్పాను. నల్ల కళ్లద్దాలు కిరణ్ తెస్తాడు. ఆ సాయంత్రం మీరు ఫోను చేసి వైద్యులు ఏమన్నారో చెప్పేదాకా నేను మేలుకునే ఉంటాను.

మీ కుమార్తె,
సునంద