మీ వైద్య వివరాల గోప్యత: మా క్లినిక్ పేషెంట్లకు నోటీసు

క్లినిక్ ఉన్న ఊరు: తెనాలి. అమలు: 2026 ఫిబ్రవరి 1 నుంచి.

మాది చిన్న క్లినిక్. ఒక డాక్టరు గారు, ఇద్దరు నర్సులు, కౌంటర్‌లో ఒకరు, రక్తం శాంపిల్స్ తీసే టెక్నీషియన్ ఒకరు. ఇక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది ఒకరికొకరు తెలిసినవాళ్ళే. మీ వివరాలు బయటికి పొక్కితే అది కంప్యూటర్ నుంచి కంటే కౌంటర్ దగ్గర మాటల్లోనే పొక్కుతుందని మా నమ్మకం. అందుకే ఈ నోటీసులో ఆ విషయానికే ఎక్కువ చోటిచ్చాం.

ఏం రాసుకుంటాం

పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు, పాత జబ్బులు, ఇప్పుడు వాడుతున్న మందులు, పడని మందులు, డాక్టరు గారు చూసి రాసినవి, టెస్టుల రిపోర్టులు, కట్టిన ఫీజు. ఆధార్ అడగం. ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు ఆభా ఉంటే, ఇవ్వడం మీకు ఇష్టమైతేనే ఎక్కిస్తాం. అది లేదని వైద్యం ఆగదు. కులం, మతం, జీతం మాకు అవసరం లేదు. పొరపాటున ఎవరైనా అడిగితే చెప్పనక్కర్లేదు.

కౌంటర్ దగ్గర

మిమ్మల్ని టోకెన్ నంబరుతో పిలుస్తాం. "షుగర్ పేషెంట్ ఎవరండీ", "ఫలానా టెస్టుకి వచ్చింది ఎవరు" అని హాల్లో కేకేయడం ఇక ఉండదు. ఎందుకొచ్చారో కౌంటర్‌లో చెప్పాల్సిన పని లేదు. "డాక్టరు గారిని కలవాలి" అంటే చాలు. ఓపీ రిజిస్టర్ ఇంతకుముందులా బల్లమీద తెరిచి ఉండదు. మీ ముందు వచ్చినవాళ్ళ పేర్లు మీకు కనపడవు, మీ పేరు తర్వాతివాళ్ళకి కనపడదు.

డాక్టరు గారి గదిలోకి ఒకసారికి ఒక పేషెంటునే పంపుతాం. మీతో వచ్చినవాళ్ళు లోపల ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. మొహమాటపడతారని మాకు తెలుసు కాబట్టి ఆ మాట నర్సే అడుగుతుంది.

రిపోర్టు మీ చేతికే ఇస్తాం. వేరేవాళ్ళు తీసుకెళ్ళాలంటే మీరు ముందుగా ఫోన్ చేసి వాళ్ళ పేరు చెప్పాలి. ఇది భర్తకీ, అత్తగారికీ, 18 ఏళ్ళు నిండిన పిల్లల తల్లిదండ్రులకీ కూడా వర్తిస్తుంది. "మా ఆవిడదేగా" అని అడిగినా ఆవిడ ఒప్పుకుంటేనే ఇస్తాం. దీనికి కోపం తెచ్చుకోవద్దని మనవి.

పెళ్ళి సంబంధం కుదుర్చుకునేముందు అబ్బాయి గురించో అమ్మాయి గురించో "ఏమైనా జబ్బుందా?" అని వాకబు చేసేవాళ్ళుంటారు. ఎవరొచ్చి అడిగినా, ఎంత దగ్గరివాళ్ళైనా, అసలు ఆ మనిషి మా పేషెంటో కాదో కూడా చెప్పం. "ఏమీ లేదు" అని కూడా చెప్పం. ఒకరి విషయంలో లేదని చెప్పి ఇంకొకరి విషయంలో నోరు మెదపకపోతే, ఆ మౌనమే జవాబైపోతుంది.

ఎక్కడ దాస్తాం, ఎన్నాళ్ళు

మీ రికార్డు క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. డాక్టరు గారికీ నర్సులకీ విడివిడిగా పాస్‌వర్డ్‌లున్నాయి. ఎవరు ఎప్పుడు ఏ ఫైలు తెరిచారో అందులో నమోదవుతుంది. కౌంటర్‌లో ఉన్నవాళ్ళకి పేరు, ఫోన్ నంబరు, ఫీజు మాత్రమే కనిపిస్తాయి, జబ్బు వివరాలు కనిపించవు. రోజూ రాత్రి తీసే బ్యాకప్ పాస్‌వర్డ్ ఉన్న హార్డ్ డిస్క్‌లోకి వెళ్ళి బీరువాలో తాళంలో ఉంటుంది. పాత కాగితం ఫైళ్ళూ అందులోనే. తాళంచెవి డాక్టరు గారి దగ్గరుంటుంది.

మీరు చివరిసారి వచ్చిన రోజు నుంచి 5 ఏళ్ళు ఉంచుతాం. పిల్లల టీకాల రికార్డులు వాళ్ళకి 21 ఏళ్ళు వచ్చేవరకు. గడువు దాటిన కాగితాలను మెషిన్‌లో ముక్కలు చేయించాకే బయట పడేస్తాం. పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేయం. మందుల చీటీలో పల్లీలు కట్టి ఇవ్వడం మనమందరం చూసిందే, దానిమీద ఎవరిదో పేరుంటుంది.

హాల్లో సీసీ కెమెరా ఉంది, రికార్డింగ్ 30 రోజులకి చెరిగిపోతుంది. డాక్టరు గారి గదిలో, ఇంజెక్షన్ గదిలో కెమెరా లేదు.

వాట్సాప్

మీరు ఒప్పుకుంటేనే రిపోర్టు వాట్సాప్‌లో పంపుతాం. ఇంట్లో అందరూ చూసే ఫోనైతే ముందే చెప్పండి, కాగితంమీద ఇస్తాం. దద్దుర్లో పుండో ఫోటో తీసి పంపితే, డాక్టరు గారు చూశాక అది మీ ఫైల్లోకి చేరుతుంది, ఫోన్లోంచి వారంలోగా తీసేస్తాం. మీ ఫోటోని ఏ గ్రూపులోనూ పెట్టం, "పేరు కనపడదు కదా" అన్న సాకుతో కూడా.

ఎవరికి పంపుతాం

ఇక్కడ చేయలేని టెస్టులకి శాంపిల్ గుంటూరు ల్యాబ్‌కి వెళ్తుంది. దానితో పేరు, వయసు, స్త్రీయో పురుషుడో, ఏం టెస్టో పంపుతాం. ఫోన్ నంబరు, అడ్రసు పంపం. హెచ్‌ఐవీ టెస్టైతే పేరు కూడా ఉండదు, కోడ్ నంబరే ఉంటుంది. పెద్దాసుపత్రికి రిఫర్ చేస్తే ఉత్తరం కవర్లో అంటించి మీ చేతికే ఇస్తాం. ఇన్సూరెన్స్ కంపెనీకి గానీ, మీ ఆఫీసుకి గానీ వివరాలు కావాలంటే మీ సంతకం ఉండాలి.

మందుల కంపెనీ రెప్‌లకి ఎవరికి ఏ మందు రాశామో చెప్పం. పేషెంట్ల ఫోన్ నంబర్ల లిస్టు ఎవరికీ అమ్మం, ఇవ్వం.

మీ అనుమతి లేకపోయినా చెప్పాల్సినవి

ఇవి కొన్నే, కానీ దాచిపెట్టకుండా చెప్పడం మా బాధ్యత. టీబీ అని తేలితే ప్రభుత్వ టీబీ వెబ్‌సైటు నిక్షయ్ పోర్టల్‌లో నమోదు చేయడం చట్టప్రకారం తప్పనిసరి. దానివల్ల మీకు మందులు ఉచితంగా వస్తాయి, పోషకాహారం కోసం నెలకి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. యాక్సిడెంట్, కొట్లాట, కాలిన గాయాలు, విషం తాగడం లాంటి మెడికో లీగల్ కేసుల్లో పోలీసులకి కబురు పెడతాం. 18 ఏళ్ళలోపు పిల్లలమీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. కోర్టు ఆర్డరిస్తే రికార్డు ఇవ్వాలి. వీటిలో ఏది జరిగినా, చెప్పడానికి వీలున్నంతవరకు ముందు మీకే చెబుతాం.

హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం, మానసిక వైద్యం విషయంలో అదే ఏడాది వచ్చిన మరో చట్టం గోప్యతను ప్రత్యేకంగా కాపాడుతున్నాయి. ఈ ఫైళ్ళు డాక్టరు గారు, మీకు వైద్యం చేసే నర్సు తప్ప మరెవరూ తెరవరు.

మీరు అడగగలిగినవి

మీ రికార్డు కాపీ అడిగితే 72 గంటల్లోగా ఇస్తాం. తప్పు పడిందంటే దిద్దుతాం. ఇచ్చిన అనుమతి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, వైద్యానికి దానితో ముడిపెట్టం. మీ తర్వాత మీ వివరాలు ఎవరు అడగొచ్చో పేరు రాసివ్వొచ్చు. మీ వివరాలు పోయాయనో బయటపడ్డాయనో మాకు తెలిస్తే, తెలిసిన రోజే మీకు ఫోన్ చేస్తాం.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. అందులో చాలావాటి అమలుకి 18 నెలల గడువుంది. అంతవరకు ఆగడం మాకు సరైనదనిపించలేదు, ఇప్పటినుంచే పాటిస్తున్నాం.

ఫిర్యాదుంటే నేరుగా డాక్టరు గారికే చెప్పండి. రోజూ మధ్యాహ్నం 1 నుంచి 1:30 వరకు ఇందుకోసమే ఉంటారు. ఫోన్ చేయాలంటే మందుల చీటీ పైన అచ్చయి ఉన్న నంబరే. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబిస్తాం. అది సరిపోదనుకుంటే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కి, చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక డేటా ప్రొటెక్షన్ బోర్డుకి వెళ్ళొచ్చు.

చదవడం రానివాళ్ళకి, కళ్ళు సరిగ్గా కనపడనివాళ్ళకి ఈ నోటీసు నర్సు చదివి వినిపిస్తుంది. విన్నాకే సంతకమో వేలిముద్రో వేయండి. కాపీ ఒకటి ఇంటికి తీసుకెళ్ళండి.