జ్ఞానాపురం వైపు గెడ్డ విస్తరణ: వ్యయ-ప్రయోజన విశ్లేషణ

ప్రతిపాదన: విశాఖపట్నం జ్ఞానాపురంలో ముంపు తగ్గించడానికి, వాననీరు పారే గెడ్డకు రెండు వైపులా కాంక్రీటు గోడలు కట్టడం, ఇరుకైన మూడు కల్వర్టులను వెడల్పు చేయడం. ఖర్చు 24 కోట్లు. మొదట సగం, ఏడాది తర్వాత మిగతా సగం చెల్లించాలి. ఏటా పూడికతీతకు మరో 50 లక్షలు. పని పూర్తయ్యాక 30 ఏళ్ల ప్రయోజనం లెక్కించాం. అన్నీ నేటి ధరల్లోనే, జీఎస్టీ కలపకుండా. పన్ను ఒక ప్రభుత్వ జేబులోంచి మరో జేబులోకి వెళ్లే డబ్బే కాబట్టి సమాజానికి అది ఖర్చు కాదు.

1,300 ఇళ్లు, దుకాణాలకు ఏటా సగటున 20 వేల చొప్పున తప్పే నష్టం 2.6 కోట్లు. నీళ్లు నిలిచిన రోజుల్లో వాహనాలకు మిగిలే సమయం, ఇంధనం 80 లక్షలు. స్థలాల ధరలు పెరుగుతాయని కొందరు అడిగారు కానీ, ఆ పెరుగుదలంటే ముంపు తప్పడమే. కలిపితే ఒకే లాభాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. 2014 హుద్‌హుద్ నష్టాన్నీ సగటులో చేర్చలేదు. ఆ రోజు నగరాన్ని ఎక్కువగా దెబ్బతీసింది గాలి, గెడ్డ గోడలు దాన్ని ఆపలేవు.

డిస్కౌంట్ రేటు, అంటే ముందు ముందు వచ్చే డబ్బును నేటి విలువకు తగ్గించే శాతం, దాని దగ్గరే పేచీ. అకౌంట్స్ విభాగం 12 శాతం అంది, ఆసియా అభివృద్ధి బ్యాంకు పాత ప్రమాణం చూపించి. ఆ బ్యాంకే 2017లో దాన్ని 9కి తగ్గించింది. ఇది ధరల పెరుగుదల తీసేసిన రేటు కాబట్టి బ్యాంకు అప్పు వడ్డీతో నేరుగా పోల్చకూడదు. మేం 9 తీసుకున్నాం. నికర ప్రస్తుత విలువ, అంటే ప్రయోజనాల నేటి విలువలోంచి ఖర్చుల నేటి విలువ తీసేస్తే, 4.3 కోట్లు మిగులు. 6 శాతానికి 14.3 కోట్ల మిగులు, 12కి 1.9 కోట్ల లోటు. లాభనష్టాలు సరిసమానమయ్యేది 11కి కాస్త కింద. రేటు మారితే నిర్ణయమే తిరగబడుతుంది. దీన్ని దాచిపెట్టడం మర్యాద కాదు.

ఇక 9 శాతం దగ్గరే ఉంచి మిగతావి కదిపి చూశాం. నిర్మాణ ఖర్చు 20 శాతం పెరిగితే దాదాపు 30 లక్షల లోటు. ప్రయోజనాలు 10 శాతం తగ్గితే 1.1 కోట్లు మిగులుతాయి, 13.5 శాతం తగ్గితే ఏమీ మిగలదు. ప్రయోజనాలు ఏడాది ఆలస్యంగా మొదలైతే మిగులు సగమై 2.1 కోట్లకు పడిపోతుంది.

అసలు భయం పూడిక గురించి. కొండవాలు నుంచి ప్రతి వానకూ మట్టి, ప్లాస్టిక్ దిగుతాయి. పూడిక తీయకపోతే ఏటా 50 లక్షలు మిగులుతాయి, బాగానే ఉంది. కానీ ప్రయోజనం మూడో వంతు పోతుందనుకుంటే 1.6 కోట్ల లోటు. అంటే మనం రెండు మీటింగులు వాదించుకున్న 12 శాతం రేటుతో దాదాపు సమానమైన దెబ్బ. అదీ చేతిలో ఉన్న విషయం.

సిఫార్సు: పని మంజూరు చేయవచ్చు, రెండు షరతులతో. టెండరు అంచనా కంటే 15 శాతం మించి వస్తే మళ్లీ లెక్క వేయాలి. పూడికతీత 50 లక్షలను ఏటా వేరే పద్దు కింద, నైరుతి రుతుపవనాలకు ముందే విడుదల చేయాలి.