యాంటీబయాటిక్స్ ఆర్టికల్ మీద ఫీడ్‌బ్యాక్, రెండో డ్రాఫ్ట్‌కి ముందు

నమస్తే అండీ,

మందులకి లొంగని బ్యాక్టీరియా మీద మీరు పంపిన ఆర్టికల్ చదివాను, వేసుకుంటున్నాం, అందులో డౌట్ పెట్టుకోకండి. కాకపోతే ఒక రౌండ్ కరెక్షన్స్ కావాలి. పదికి మార్కులు ఇలా వేశాను: కచ్చితత్వం 6, నిర్మాణం 5, శైలి 7, కొత్తదనం 8.

ముందు కచ్చితత్వం సంగతి, ఎందుకంటే ఇది హెల్త్ ఆర్టికల్, చదివినవాళ్ళు మనం రాసింది నమ్మి ఇంట్లో అలాగే చేస్తారు. రెండో పేరాలో "ఎక్కువగా వాడితే మన శరీరం యాంటీబయాటిక్స్‌కి అలవాటు పడిపోతుంది" అన్నారు. అది తప్పండి. అలవాటు పడేది శరీరం కాదు, మారేది బ్యాక్టీరియా. మందు తగిలినప్పుడు తట్టుకోలేనివి చచ్చిపోతాయి, తట్టుకునేవి మిగిలి పెరుగుతాయి, ఆ తట్టుకునే జీన్స్‌ని పక్క బ్యాక్టీరియాకి కూడా అందిస్తాయి. ఈ తేడా చిన్నది కాదు, మీ వాక్యం చదివినవాళ్ళు "నేను ఎప్పుడూ యాంటీబయాటిక్స్ వాడలేదు కదా, నాకేం కాదు" అనుకుంటారు, కానీ అసలు ఆ మందు ముట్టనివాళ్ళకి కూడా ఇంకొకళ్ళ నుంచి రెసిస్టెంట్ బ్యాక్టీరియా అంటుకోవచ్చు. ఆర్టికల్ మొత్తంలో ఇదొక్కటి మారిస్తే చాలు, నేను 6ని 8 చేస్తాను.

ఇంకొకటి, 2019లో దీనివల్ల దాదాపు 50 లక్షల మంది చనిపోయారని రాశారు. 2022లో లాన్సెట్‌లో వచ్చిన స్టడీలో రెండు అంకెలున్నాయి. నేరుగా రెసిస్టెన్స్ వల్లే పోయినవాళ్ళు 12.7 లక్షలని అంచనా, 49.5 లక్షలు అన్నది రెసిస్టెన్స్‌కి ఏదో ఒక రకంగా సంబంధం ఉన్న మరణాలు. రెండూ ఇవ్వండి, ఏది ఏమిటో చెప్పండి, పెద్ద అంకె ఒక్కటే పెడితే భయపెట్టినట్టు ఉంటుంది. అలాగే 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్ కనిపెట్టగానే రోగులకి ఇచ్చేసినట్టు రాశారు. ఆయన గమనించింది బూజు చుట్టూ బ్యాక్టీరియా పెరగకపోవడం, దాన్ని మనిషికి ఇవ్వగలిగే మందుగా మార్చింది ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చైన్ వాళ్ళ టీమ్, అది 1940, 41ల్లో. 1945 నోబెల్ కూడా ముగ్గురికీ కలిపే ఇచ్చారు. ఇంకా మీకు పనికొచ్చే విషయం, ఫ్లెమింగ్ ఆ నోబెల్ ప్రసంగంలోనే తక్కువ డోసులో వాడితే సూక్ష్మజీవులు తట్టుకోవడం నేర్చుకుంటాయని హెచ్చరించాడు, అది పెడితే మీ హిస్టరీ పేరాకి ఒక పని దొరుకుతుంది, ఇప్పుడు ఊరికే ఉంది.

నిర్మాణానికి 5 ఎందుకంటే, మీరు తెచ్చిన అసలు సరుకు తొమ్మిదో పేరాలో దాక్కుంది! ల్యాబ్‌కి వెళ్ళి కల్చర్ టెస్ట్ చూశారు, ప్లేట్ నిండా పెరిగిన బ్యాక్టీరియా మధ్య మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెట్టి ఉన్నాయి, కొన్నిటి చుట్టూ ఖాళీ వలయం ఉంది, రెండిటి చుట్టూ మాత్రం బ్యాక్టీరియా అంచుదాకా పెరిగిపోయింది, టెక్నీషియన్ స్కేల్ పెట్టి మిల్లీమీటర్లు కొలుస్తున్నారు. ఎంత బాగుందండీ ఇది! రెసిస్టెన్స్ అంటే ఏంటో కంటికి కనపడుతుంది. "నేటి ఆధునిక యుగంలో వైద్యరంగం ఎంతో పురోగతి సాధించింది" అనే మొదటి పేరా పూర్తిగా తీసేసి ఈ ప్లేట్‌తో మొదలుపెట్టండి. తర్వాత బ్యాక్టీరియా ఎలా మారుతుందో, ఆ తర్వాత అంకెలు, చివర్లో ఏం చేయాలో. జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వస్తాయి కాబట్టి యాంటీబయాటిక్స్ పనిచేయవన్న మాట ఇప్పుడు రెండు చోట్ల ఉంది, ఒకచోట ఉంచితే సరిపోతుంది.

శైలి చాలావరకు హాయిగా ఉంది, ల్యాబ్ పేరాలో అయితే మీరు పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉంది. సైన్స్ వివరించేటప్పుడు మాత్రం బిగుసుకుపోతున్నారు. "వైద్యుల సలహా లేకుండా యాంటీబయాటిక్స్ వినియోగించబడటం జరుగుతోంది" అని రాశారు, "డాక్టర్‌ని అడక్కుండానే వాడేస్తున్నారు" అంటే అయిపోయేది. ఇలాంటివి పసుపు రంగులో మార్క్ చేశాను, చూడండి.

కొత్తదనానికి 8 ఆ ల్యాబ్ వల్లే. రెండు మార్కులు తగ్గింది "నివారణ చర్యలు" పేరాల దగ్గర, అక్కడ పాయింట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ పేజీలో ఉన్న వరసలోనే వచ్చాయి. సమాచారం వాడుకోవచ్చు, మూలం చెప్పండి, కానీ వరస, మాటలు మీవి కావాలి. ఆ టెక్నీషియన్‌ని అడిగితే, రిపోర్ట్ రాకముందే మందు మొదలుపెట్టేసిన శాంపిల్స్ ఎలా ఉంటాయో చెప్పగలరేమో, నాకైతే అది చదవాలనుంది.

శుక్రవారం సాయంత్రానికి పంపగలరా? నిడివి 900 పదాలు దాటకపోతే మంచిది. ఆ ప్లేట్ ఫోటో కూడా, పేషెంట్ పేరు, శాంపిల్ నంబర్ కనపడకుండా, ల్యాబ్ వాళ్ళ పర్మిషన్‌తో జత చేయండి.